పద్దెనిమిది పేపర్ల కట్టలో రాయాల్సినవి మూడే

మే నెలలో ఒక మంగళవారం సాయంత్రం మా అక్క, అక్క కూతురు ఆదోని నుంచి బస్సు దిగి కర్నూలులో మా ఇంటికొచ్చారు. పాపకి పరీక్ష సెంటరు ఇక్కడే పడింది. వచ్చే బుధవారం ఉదయం తొమ్మిది గంటలకు ఎంసెట్. 2021 నుంచి దాని పేరు ఈఏపీసెట్ అయినా, మా వైపు ఇంకా అందరూ ఎంసెట్ అనే అంటారు, నేనూ అట్లాగే రాస్తాను. పాప చేతిలో బట్టల సంచీ కంటే బరువైన జిరాక్సు కట్ట ఒకటి ఉంది. లెక్కపెడితే పద్దెనిమిది పాత పేపర్లు. "రోజుకి రెండు, కుదిరితే మూడు రాస్తా చిన్నమ్మా" అంది.

నేను ఇంటర్ పిల్లలకి పద్దెనిమిదేళ్లుగా లెక్కలు చెప్తున్నాను. చివరి వారంలో పేపర్ మీద పేపర్ రాయించడం తప్పని నా నమ్మకం. ఇది మా స్టాఫ్‌రూమ్‌లోనే చాలామంది ఒప్పుకోరు. అందుకే ఆ వారం మా ఇంట్లో ఏం జరిగిందో అంకెలతో సహా రాస్తున్నాను. ఇదంతా ఇంజనీరింగ్ స్ట్రీమ్ గురించి. మ్యాథ్స్ 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40, మొత్తం 160 ప్రశ్నలు, మూడు గంటలు, నెగెటివ్ మార్కులు లేవు.

ముందు ఒక చిన్న లెక్క. పేపర్ రాయడానికి మూడు గంటలు పడుతుంది. రాసిన పేపర్‌ని సరిగ్గా దిద్దుకోవడానికి, అంటే కీ చూసి టిక్కులు కొట్టడానికి కాదు, తప్పిన ప్రతి ప్రశ్ననూ మళ్లీ చేసి ఎందుకు తప్పిందో రాసుకోవడానికి, నాలుగు నుంచి ఐదు గంటలు పడుతుంది. ఒక పేపర్ అంటే దాదాపు ఎనిమిది గంటలన్నమాట. పద్దెనిమిది పేపర్లకి 144 గంటలు. రోజుకి పది గంటలు కూర్చున్నా ఏడు రోజులకి డెబ్బయ్యే. కాబట్టి పద్దెనిమిది రాస్తానన్న పిల్ల దిద్దుకోవడం మానేస్తుంది. వేరే దారి లేదు. దిద్దుకోని పేపర్ ఇచ్చేది ఒక్క అంకె మాత్రమే. ఆ అంకె కూడా ఎంత అబద్ధం చెప్తుందో తర్వాత చూపిస్తాను.

ఆ రాత్రి భోజనాలయ్యాక కట్ట విప్పి నేల మీద పరిచాం. నాలుగు పేపర్లు 2017కి ముందువి, అంటే ఆన్‌లైన్ కాక ముందు ఓఎంఆర్ షీటు మీద రాసిన కాలంవి. వాటిని పక్కన పెట్టాను. అప్పట్లో ఏడాదికి ఒకే పేపర్, ఇప్పుడు ఏడాదికి ఎనిమిది, పది షిఫ్టులు. ప్రశ్నల తీరు తెలుసుకోవడానికి ఇటీవలి షిఫ్టుల పేపర్లు కావలసినన్ని ఉన్నప్పుడు చివరి వారంలో పాతవాటి జోలికి పోవాల్సిన పని లేదు. తర్వాత ఐదు పేపర్లు పాప కాలేజీలో గ్రాండ్ టెస్టులుగా ఇప్పటికే రాసినవి. వీటిని మళ్లీ రాస్తే మార్కులు బాగా వస్తాయి. ఎందుకంటే సగం ప్రశ్నలకి లెక్క చేయకుండానే జవాబు గుర్తొస్తుంది, పిల్లకి మాత్రం తనకి గుర్తొచ్చిందన్న సంగతే తెలియదు. అందుకని మళ్లీ రాయకూడదు. పారేయనూ కూడదు. వాటిలో పాప చేతిరాతతో ఎర్ర పెన్ను గుర్తులున్నాయి, తన తప్పుల చరిత్ర అది. ఆ ఐదింటినీ ఒక క్లిప్పు పెట్టి టేబుల్ మీద ఉంచాం.

మిగిలినవి తొమ్మిది, పాప చూడనివి. వాటిలో రెండు కోవిడ్ ఏళ్లవి. అప్పుడు ఇంటర్ సిలబస్ తగ్గించారు కాబట్టి ఆ పేపర్లలో కొన్ని చాప్టర్ల బరువు మారిపోయి ఉంటుంది. రాసి మార్కులు లెక్కపెట్టుకోవడానికి అవి పనికిరావు, చదవడానికి పనికొస్తాయి. మిగతా ఏడింటిలో అన్నిటికంటే కొత్త ఏడాదివి రెండు, దాని ముందు ఏడాదిది ఒకటి రాయడానికి తీశాను. తక్కిన నాలుగు, కోవిడ్ ఏళ్లవి రెండు కలిపి ఆరు చదవడానికి. మూడు రాసేవి, ఆరు చదివేవి, ఐదు తప్పులు మాత్రమే చూసుకునేవి, నాలుగు కట్టేసి అటక మీదికి.

"ఇన్ని తెచ్చుకుంటే మూడే రాయమంటావేంది చిన్నమ్మా?" అని పాప మొహం చిన్నబుచ్చుకుంది. అక్క కూడా నా వైపు అనుమానంగానే చూసింది.

రాయాల్సిన మూడింటితో ఇంకో ఇబ్బంది ఉంది. అధికారికంగా కీతో కలిపి విడుదల చేసే పేపర్లలో ప్రతి ఆప్షన్ పక్కన గుర్తు ఉంటుంది, సరైనదానికి పచ్చ టిక్కు, తప్పువాటికి ఎర్ర ఇంటూ. నలుపు జిరాక్సులో రంగు పోయినా ఆకారం పోదు. కళ్ల ముందు జవాబు పెట్టుకుని రాసే పేపర్ పరీక్ష కాదు. చూడనన్నా చూపు పోతుంది. అందుకని పాప పడుకున్నాక అక్క, నేను కూర్చుని ముందు కీని ఒక తెల్ల కాగితం మీద ఎక్కించుకున్నాం, తర్వాత ప్రతి గుర్తునీ నల్ల స్కెచ్ పెన్నుతో కప్పేశాం. ఒక పేపర్‌కి 640 గుర్తులు. గంటకి పైగా పట్టింది. మిగతా రెండూ తర్వాతి రాత్రుల్లో కప్పాం. మీ ఇంట్లో ఎవరైనా సాయం చేస్తామంటే చేయించుకోండి. టీలు కాచి ఇవ్వడం కంటే ఇది ఎక్కువ ఉపయోగం. చదవడానికి పెట్టుకున్న ఆరింటికి ఈ పని అక్కర్లేదు, వాటిలో జవాబు కనబడటమే మంచిది.

బుధవారం ఉదయం సరిగ్గా తొమ్మిదికి మొదటి పేపర్. ఆ టైమే ఎందుకంటే పాప షిఫ్టు ఆ టైముకే. మధ్యాహ్నం షిఫ్టు పడినవాళ్లు మధ్యాహ్నమే రాయాలి. మే నెల కర్నూలు ఎండలో అన్నం తిని మూడు గంటలు లెక్కలు చేయడం వేరే పని, దానికి ఒళ్లు ముందే అలవాటు పడాలి. రాసేటప్పుడు పాపకి ఒక్క నియమం పెట్టాను. ప్రతి జవాబు పక్కన ఒక చిన్న అక్షరం వేయాలి. లెక్క చేసి పెట్టినదానికి 'చే'. ఏమీ తెలియక పెట్టినదానికి 'గు', అంటే గుడ్డిగా పెట్టింది. లెక్క చేసినా రెండు నిమిషాలు దాటిందనిపిస్తే 'చే' పక్కన ఒక చుక్క.

ఈ అక్షరాలు ఎందుకంటే, నెగెటివ్ మార్కులు లేని పరీక్షలో ఖాళీ వదలడం తప్పు, అన్నీ పెట్టాల్సిందే. నాలుగు ఆప్షన్లలో ఒకటి గుడ్డిగా పెడితే నాలుగింట ఒకటి తగులుతుంది. నలభై గుడ్డిగా పెడితే సగటున పది మార్కులు ఊరికే వస్తాయి. ఆ రోజు అదృష్టాన్ని బట్టి అవి ఆరు కావచ్చు, పద్నాలుగూ కావచ్చు. మొత్తం మార్కులు మాత్రమే చూసుకునే పిల్ల ఈ ఊగిసలాటని తన చదువు పెరగడంగానో తగ్గడంగానో అనుకుంటుంది.

పాపకి మొదటి పేపర్‌లో 92 వచ్చాయి. మ్యాథ్స్ 41, ఫిజిక్స్ 20, కెమిస్ట్రీ 31. అక్షరాలు లెక్కపెడితే గుడ్డిగా పెట్టినవి 36, వాటిలో తగిలినవి 10. అంటే చేసి తెచ్చుకున్నవి 82. చేసి కూడా తప్పినవి 42. ఈ 42ని ఒక్కొక్కటిగా మళ్లీ చేస్తే 13 చేతిపొరపాట్లు. గుర్తు మార్చడం, "సరికానిది ఏది" అన్నదాన్ని "సరైనది" అని చదవడం లాంటివి. మిగతా 29 సగం తెలిసి సగం తెలియనివి. ఇక చుక్కలు. జవాబు సరిగ్గా వచ్చినా రెండు నిమిషాలు దాటినవి మ్యాథ్స్‌లో 14 ఉన్నాయి.

ఈ చుక్కల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే వీటిని ఎవరూ దిద్దుకోరు. జవాబు కరెక్టయితే టిక్కు కొట్టి ముందుకు పోతారు. కానీ మూడు గంటల్ని 160తో భాగిస్తే ప్రశ్నకి 67 సెకన్లే. రెండున్నర నిమిషాలు తిన్న కరెక్టు జవాబు చివర్లో ఇంకో ప్రశ్న నోట్లో మన్ను కొట్టి వచ్చినట్టే. పాప చుక్క పెట్టిన ఒక లెక్క లాంటిది ఇక్కడ చూడండి. (7, 5) బిందువు నుంచి x² + y² − 4x + 6y − 12 = 0 అనే వృత్తానికి గీసిన స్పర్శరేఖ పొడవు ఎంత? పాప బొమ్మ గీసింది. కేంద్రం (2, −3) కనుక్కుంది, వ్యాసార్ధం 5 అని తేల్చింది, కేంద్రం నుంచి బిందువుకి దూరం √89 అని వేసింది, పైథాగరస్‌తో 89 లోంచి 25 తీసి 64, జవాబు 8. ఒక్క అడుగూ తప్పు లేదు. కానీ బిందువుని సమీకరణంలోనే వేస్తే సరిపోతుంది. 49 + 25 − 28 + 30 − 12 = 64, వర్గమూలం 8. ఇరవై సెకన్లు. S₁₁ వర్గమూలం అనే సూత్రం పాపకి తెలుసు, పుస్తకంలో గీత కూడా గీసుకుంది. పరీక్షలో చెయ్యి మాత్రం పాత దారినే పోయింది.

ఇట్లాంటి 14 లెక్కల్ని పొట్టి దారిలో మళ్లీ చేయించాను, ఒక్కోటి రెండుసార్లు. దానికి గంటన్నర పట్టింది. చివరి వారంలో అన్నిటికంటే చవకగా దొరికే మార్కులు ఇవే అని నా అనుభవం. కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు, తెలిసినదాన్ని ముందుకు తేవడమే.

సగం తెలిసిన 29లో 11 రెండు చాప్టర్లవే. వృత్తాలు, వృత్త సరణులు కలిపి ఆరు, నిశ్చిత సమాకలనులు ఐదు. గురువారం ఉదయమంతా ఆ రెండింటికే పెట్టాం. మిగతా 18 తలా ఒక చాప్టర్ నుంచి వచ్చినవి, వాటి వెంట పడలేదు. సంభావ్యతలో యాదృచ్ఛిక చలరాశులు పాపకి అసలు రావు. "అది కూడా చూద్దాం చిన్నమ్మా, రెండు ప్రశ్నలొస్తాయి కదా" అంది. వద్దన్నాను. రెండు ప్రశ్నల కోసం ఒక పూట పోతుంది, పూట పోయాక కూడా చెయ్యి తిరగదు. అవి గుడ్డిగా పెట్టేవాటిలోనే ఉండనివ్వాలి.

ఇంకొక సంగతి కూడా ఆ పేపరే చెప్పింది. పాప స్క్రీన్ మీద వచ్చే వరుసలోనే మ్యాథ్స్‌తో మొదలుపెట్టి దానిమీదే గంటా యాభై నిమిషాలు కూర్చుంది. చివరికి కెమిస్ట్రీకి మిగిలింది ఇరవై రెండు నిమిషాలు. తను ఎక్కువ మార్కులు తెచ్చుకునే సబ్జెక్టుకి అన్నిటికంటే తక్కువ టైము. వరుస మార్చాం. ముందు కెమిస్ట్రీ 30 నిమిషాలు, ఫిజిక్స్ 45, మ్యాథ్స్ గంటా నలభై. ఆఖరి ఐదు నిమిషాలు గుడ్డి జవాబులకి. స్క్రీన్ మీద ఒక్కో ప్రశ్న తెరిచి, ఆప్షన్ నొక్కి, Save & Next నొక్కడానికి ఐదు సెకన్లయినా పడుతుంది, నలభై ప్రశ్నలకి మూడు నిమిషాలు దాటిపోతుంది. కాగితం మీద ప్రాక్టీసు చేసే పిల్లలు ఈ మూడు నిమిషాల్ని లెక్కలోకి తీసుకోరు. కంప్యూటర్ మీద ఎప్పుడూ రాయని పిల్లలైతే అధికారిక సైట్‌లో ఉండే మాక్ టెస్టు ఒకసారి తప్పకుండా చూసుకోవాలి.

గురువారం మధ్యాహ్నం నుంచి చదివే పేపర్లు మొదలుపెట్టాం. చదవడం అంటే తిరగేయడం కాదు. దీనికీ ఒక పద్ధతి ఉంది, మ్యాథ్స్‌కి ఒక తీరు, కెమిస్ట్రీకి ఇంకో తీరు.

మ్యాథ్స్ పేపర్ చదివేటప్పుడు పెన్ను ఉండకూడదు, పెన్సిల్ ఒక్కటే. ప్రశ్న చదివి మొదటి అడుగు ఏమిటో పైకి చెప్పాలి. "ఇది సదిశల్లో త్రిపద లబ్ధం, నిర్ధారకం వేయాలి" అని నోటితో చెప్పగలిగితే వదిలేసి పక్కదానికి పోవాలి, సాధించకూడదు. ఇరవై, ముప్ఫై సెకన్లలో మొదటి అడుగు తట్టకపోతే పెన్సిల్‌తో చుక్క. ఎనభై ప్రశ్నలూ నలభై నిమిషాల్లో అయిపోతాయి. ఆ తర్వాత చుక్కలున్నవాటినే తీసి చేయాలి. రాయడంలో మూడు గంటలకి 160 ప్రశ్నలు చూస్తాం, కానీ ఆ మూడు గంటల్లో ఎక్కువ భాగం ఇప్పటికే వచ్చిన లెక్కలు సాధించడానికే పోతుంది. చదవడంలో ఆ భాగం తీసేస్తాం. రాని చోటు మాత్రమే మిగులుతుంది.

కెమిస్ట్రీ పేపర్‌కి ఇంకొకటి చేయాలి. వచ్చిన ప్రశ్నతో ఆగకుండా దాని అన్నదమ్ముల్ని కూడా చదవాలి. ఒక షిఫ్టులో XeF₄ ఆకారం అడిగాడు, జవాబు సమతల చతురస్రం. అదే ప్రశ్న మళ్లీ వస్తుందని ఆశపడి దాన్ని బట్టీ పడితే లాభం లేదు. తెలుగు అకాడమీ పుస్తకంలో ఆ పేజీ తీసి XeF₂ రేఖీయం, XeO₃ పిరమిడ్, XeOF₄ చతురస్ర పిరమిడ్, వాటి సంకరీకరణాలు ఏమిటి అని ఆ కుటుంబమంతా ఒకసారి చూసుకోవాలి. రెండు షిఫ్టుల పేపర్లు ఇట్లా చదివితే ఒకదానిలో అడిగినదాని తమ్ముడు రెండోదానిలో కనబడతాడు. పాప తనే ఇది కనిపెట్టి, "ఇది నిన్న చదివినదాని పక్కదే కదా!" అని కేక పెట్టింది. కెమిస్ట్రీని పేపర్‌గా రాయడం కంటే ఇట్లా చదవడమే మేలని నేను గట్టిగా చెప్తాను. ఫిజిక్స్ ఈ రెండింటికీ మధ్య. సూత్రంలో అంకెలు వేసేవి మ్యాథ్స్ లాగా, సిద్ధాంతం అడిగేవి కెమిస్ట్రీ లాగా చదువుకోవచ్చు.

శుక్రవారం రెండో పేపర్. కొత్త వరుసలో రాసింది. 96 వచ్చాయి. పాప డీలా పడిపోయింది. "రెండు రోజులు ఇంత కష్టపడితే నాలుగు మార్కులేనా చిన్నమ్మా?" అంది. అక్షరాలు లెక్కపెట్టమన్నాను. ఈసారి గుడ్డిగా పెట్టినవి ఇరవయ్యే, తగిలినవి నాలుగు. చేసి తెచ్చుకున్నవి 92. మొదటి పేపర్‌లో ఇవి 82. పెరిగింది నాలుగు కాదు, పది. చేతిపొరపాట్లు 13 నుంచి 8కి దిగాయి. చుక్కలు 14 నుంచి 9కి. పైన వేసుకునే మొత్తం అంకె చెప్పే అబద్ధం అని ఇందాక అన్నది ఇదే.

శనివారం మళ్లీ చదివే పేపర్లు. ఇక్కడ ఎప్పుడు ఆపాలన్నది చుక్కలే చెప్పాయి. గురువారం మొదటి మ్యాథ్స్ పేపర్ చదివినప్పుడు 80లో 27 చుక్కలు. రెండోదానికి 19. శనివారం మూడోదానికి 16, నాలుగోదానికి 11. ఐదోదానికి మళ్లీ 11, అందులో తొమ్మిది అంతకు ముందు పేపర్లలో చుక్క పడిన రకాలే. అంటే పేపర్ కొత్తది, రాని సంగతులు పాతవే. ఆ స్థితికి వచ్చాక ఇంకో పేపర్ చదివితే కొత్తగా తెలిసేది ఉండదు. ఆరో పేపర్ మ్యాథ్స్ తెరవలేదు, కెమిస్ట్రీ ఒక్కటే చదివింది. ఆరు పేపర్లు చదవాలని ముందు అనుకున్నాం కదా అని ఆరూ పూర్తి చేయాల్సిన పని లేదు.

ఆదివారం మూడో పేపర్. ఇదే చివరిదని ముందే చెప్పాను. 89 వచ్చాయి.

పాప ఏడ్చింది. అక్క నాతో మాట్లాడలేదు. రోజుకి రెండు రాసి ఉంటే ఇట్లా అయ్యేదా అన్న మాట అక్క నోటిదాకా వచ్చి ఆగిందని నాకు తెలుసు. "రేపు ఇంకొకటి రాస్తా, అటక మీద ఉన్నవి కూడా ఇవ్వు" అని పాప పట్టుబట్టింది. నిజానికి ఆ వారం మొత్తానికీ గడ్డు ఘడియ అదే, నేను తప్పు చేస్తున్నానా అని నాకే ఒక క్షణం అనిపించింది. కానీ అంకెలు చూడకుండా ఏమీ తేల్చకూడదని ముగ్గురం కూర్చున్నాం.

గుడ్డిగా పెట్టినవి 26, తగిలినవి 5. చేసి తెచ్చుకున్నవి 84. రెండో పేపర్ కంటే ఎనిమిది తక్కువ. ఇప్పుడు ప్రశ్న ఒక్కటే, పిల్ల తగ్గిందా, పేపర్ కష్టమా? దాన్ని తేల్చడానికి మొత్తం మార్కులు పనికిరావు, పేపర్‌తో సంబంధం లేని గుర్తులు చూడాలి. చేతిపొరపాట్లు ఆరు, ఇంకా తగ్గాయి. చుక్కలు ఏడు, ఇంకా తగ్గాయి. కెమిస్ట్రీ రెండో పేపర్‌లో 33, ఇందులో 32, అక్కడే ఉంది. తగ్గిందంతా మ్యాథ్స్‌లో. ఆ మ్యాథ్స్ నేను కూడా తెరిచి చేశాను, పొడుగు లెక్కలు ఎక్కువ ఉన్న షిఫ్టు అది. కొన్నిటికి నాకే రెండు నిమిషాలు దాటింది. అలసటో టెన్షనో కారణమై ఉంటే ముందు పెరిగేవి చేతిపొరపాట్లు. అవి తగ్గాయంటే పిల్ల బాగానే ఉంది, పేపరే బరువు. ఇట్లా షిఫ్టుకో తీరుగా ఉంటాయి కాబట్టే అసలు పరీక్షలో మార్కుల్ని నార్మలైజ్ చేస్తారు. ఒక షిఫ్టులో 89, ఇంకో షిఫ్టులో 96 పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒకవేళ చేతిపొరపాట్లు పదిహేనుకి పెరిగి ఉంటే నేను వేరే మాట చెప్పేదాన్ని, సోమవారం పుస్తకాలన్నీ మూయించి పడుకోబెట్టేదాన్ని. అప్పుడు కూడా ఇంకో పేపర్ మాత్రం ఇచ్చేదాన్ని కాదు.

ఎందుకంటే ఇట్లాంటి సోమవారం పేపర్ ఒకదాన్ని నేను చూశాను. కొన్నేళ్ల కిందట నా దగ్గర చదివిన ఒక అబ్బాయి, తెలివైనవాడు, చివరి వారం రోజూ ఒక పేపర్ రాశాడు. వాళ్ల కాలేజీ షెడ్యూలే అది, పరీక్ష ముందురోజు దాకా గ్రాండ్ టెస్టులు పెట్టారు. చివరిదానిలో మార్కులు పడిపోయాయి. దిద్దుకునే టైము లేదు, ఎందుకు పడ్డాయో తెలియదు, రాత్రి నిద్ర లేదు. మర్నాడు హాల్లో మొదటి మ్యాథ్స్ లెక్క తేలకపోతే నిన్నటిదే మళ్లీ అవుతోందనుకుని దానిమీదే పది నిమిషాలు కూర్చున్నానని తర్వాత నాకు చెప్పాడు. ఆ ఆఖరి పేపర్ వాడికి ఇచ్చింది ఒక్క భయం మాత్రమే. అప్పటి నుంచి నేను ఒక హద్దు పెట్టుకున్నాను. పరీక్షకి మూడు రోజుల ముందు ఆఖరి పేపర్ అయిపోవాలి. దిద్దుకోవడానికి ఒక పూట, దాన్లో తేలింది సరిచేసుకోవడానికి ఒక రోజు, ఆ మార్కులు మనసులోంచి దిగిపోవడానికి ఒక రోజు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ఆ పేపర్ రాయకూడదు.

మా స్టాఫ్‌రూమ్‌లో ఫిజిక్స్ చెప్పే సార్ దీనికి ఒప్పుకోరు. రోజూ రాస్తేనే మూడు గంటలు కూర్చునే ఓపిక నిలబడుతుందంటారు. ఆ మాటలో నిజముంది, కానీ ఆ ఓపిక మార్చి, ఏప్రిల్ నెలల్లో రావాలి. రెండు నెలలు గ్రాండ్ టెస్టులు రాసిన పిల్లకి దాన్ని నిలబెట్టుకోవడానికి రోజు విడిచి రోజు మూడు పేపర్లు చాలు. మూడు గంటలు ఒక్కసారి కూడా కూర్చోని పిల్లవాడైతే వాడికి ఈ ప్లాను సరిపోదు, సార్ మాటే వినాలి. అట్లాగే 160లో 40 మార్కులు, అంటే అర్హతకి కావలసిన 25 శాతం, దాటడమే కష్టంగా ఉన్న పిల్లలు పూర్తి పేపర్లు ఒక్కటి కంటే ఎక్కువ రాయకుండా కెమిస్ట్రీ పేపర్లు చదువుకోవడం మేలు.

సోమవారం ఉదయం పాప ఆదివారం పేపర్ తప్పులు సరిచేసుకుంది. మధ్యాహ్నం టేబుల్ మీద క్లిప్పు పెట్టి ఉంచిన ఐదు పేపర్లు తీశాం. ఎర్ర గుర్తులున్న ప్రశ్నలు మాత్రమే చూసింది, మొదటి అడుగు చెప్పుకుంటూ. తొంభై దాకా ఉన్నాయి, డెబ్బయ్యొకటికి అడుగు తట్టింది. తట్టనివాటిని ఒక కాగితం మీద సూత్రాలుగా రాసుకుంది, రెండు పేజీలయ్యాయి. సాయంత్రం ఎండ తగ్గాక ఆటోలో ఊరి బయట సెంటరు దాకా వెళ్లి గేటు చూసి, దారికి ఎంతసేపు పడుతుందో చూసుకుని వచ్చాం.

మంగళవారం పొద్దున్నే అక్క ఉగ్గాని చేసింది. పాప ఆ రెండు పేజీలు, కెమిస్ట్రీ నోట్సు మాత్రమే ముందు పెట్టుకుంది. మధ్యాహ్నం మూడు దాటాక ఆ కాగితం అప్పజెప్పమన్నాను. ఒక్క సూత్రం దగ్గర ఆగింది, చూసుకుంది. నాలుగింటికి పుస్తకాలు సంచిలో పెట్టేశాం. హాల్ టికెట్, గుర్తింపు కార్డు, నలుపు పెన్ను, నీళ్ల సీసా తీసి తలుపు దగ్గర కుర్చీ మీద పెట్టింది.

రాత్రి తొమ్మిదిన్నరకి లైటు తీయబోతుంటే, "చిన్నమ్మా, అటక మీదున్న నాలుగు ఏం చేస్తావు?" అని అడిగింది. చిత్తు కాగితాలవాడికి వేస్తానన్నాను. "వద్దు, తమ్ముడికి ఉంచు" అంది. వాడింకా తొమ్మిదో తరగతి.